గుర్తు లేనిచోట ఎలా రాయాలి: స్వీయకథలో జ్ఞాపకాన్ని సరిచూసుకునే పద్ధతి

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానును కోనసీమలో చిన్నపిల్లలుగా చూసినవాళ్ళు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. ఆ రాత్రి గురించి రాయాలని కొందరు కూర్చుంటారు. వాళ్ళ రాతల్లో రెండు లోపాలు తరచుగా కనిపిస్తాయి. కొందరు గుర్తు లేని చోట్లను కల్పనతో నింపేస్తారు, అదంతా కళ్ళారా చూసినట్టే రాస్తారు. మరికొందరు అబద్ధం రాస్తామేమోనన్న భయంతో ప్రతి వాక్యానికీ ఒక ‘బహుశా’, ఒక ‘అనుకుంటాను’ తగిలిస్తారు. మొదటి రకం రాతను ఊళ్ళో వాళ్ళు నమ్మరు. రెండో రకాన్ని ఎవరూ చివరిదాకా చదవరు. పైగా ఆ రచయితకు ఏది గట్టిగా తెలుసో, ఏది తెలియదో పాఠకుడికి అర్థం కాదు. అన్నిటి మీదా ఒకే అనుమానం ఉంటే ఏ అనుమానానికీ విలువ ఉండదు.

నేను చెప్పే పద్ధతి ఇది: అనుమానమంతా రాయడానికి ముందే, నోటుబుక్కులో తేల్చుకోవాలి. తేలకుండా మిగిలినదాన్ని మాత్రమే పాఠకుడి ముందు పెట్టాలి, అదీ ఒక్కసారే, స్పష్టంగా. మిగతాదంతా నిబ్బరంగా రాయాలి.

ఉదాహరణ కోసం ఒక రచయిత్రిని ఊహించుకుందాం. ముమ్మిడివరం దగ్గర ఒక ఊరు, పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరితోట. తుపాను నాటికి ఆమెకు ఏడేళ్ళు. ఆమె మొదటి చిత్తుప్రతిలో ఈ పేరా ఉంది:

“ఆ రాత్రి వెన్నెల్లో కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే ఒరిగిపోవడం కిటికీలోంచి చూశాను. పెంకులు లేచిపోయాయి. నాన్న నన్ను భుజాన వేసుకొని పక్కవాళ్ళ డాబాకు పరుగెత్తాడు. ‘ఏమీ కాదు తల్లీ, నేనున్నానుగా, కళ్ళు మూసుకో’ అన్నాడు. మరునాడు మామయ్య యానాం వంతెన మీదుగా వచ్చి మమ్మల్ని కాకినాడ తీసుకెళ్ళాడు.”

చదవడానికి బాగానే ఉంది. ఇందులో ఆమెకు నిజంగా తెలిసింది ఎంత అన్నది ఇప్పుడు చూద్దాం.

మొదటి మెట్టు: ఎవరినీ అడగకముందే రాసిపెట్టండి

అమ్మకు ఫోను చేయకముందు, పాత ఫోటోలు తీయకముందు, ఒంటరిగా కూర్చుని గుర్తున్నదంతా గుర్తున్నట్టే రాయండి. వరస కుదరకపోయినా ఫరవాలేదు. కింద తేదీ వేయండి. ఆ కాగితాన్ని తర్వాత దిద్దవద్దు. కొత్తగా తెలిసినది వేరే కాగితం మీద రాసుకోండి.

ఎందుకంటే జ్ఞాపకం మారినప్పుడు, అది మారిందని మనకు తెలియదు. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. ఆ వార్త తమకు ఎలా తెలిసిందో మరునాడే విద్యార్థుల చేత అల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రాయించారు. రెండేళ్ళకు పైగా గడిచాక మళ్ళీ అదే అడిగారు. చాలామంది జవాబులు మారిపోయాయి. మారిన జవాబు చెప్పినవాళ్ళూ గట్టి నమ్మకంతోనే చెప్పారు. తమ చేతిరాతతో ఉన్న మొదటి కాగితం చూపించినా కొందరికి పాత సంగతి గుర్తుకు రాలేదు. ‘నాకు ఇప్పుడే జరిగినట్టుంది’ అన్న మాట జ్ఞాపకం ఎంత బలంగా ఉందో చెబుతుంది. అది ఎంత సరైనదో చెప్పదు.

మన రచయిత్రి ముప్పై ఏళ్ళ నాటి కాగితం సంపాదించలేదు. కాని ఈ రోజు తనకున్నది ఏమిటో, రేపు అమ్మ చెప్పబోయేది ఏమిటో వేరుగా ఉంచుకోగలదు. ఆ రెండూ ఒకసారి కలిసిపోతే మళ్ళీ విడదీయడం అసాధ్యం.

రెండో మెట్టు: ప్రతి వివరానికీ పక్కన ఒక గుర్తు

ఇప్పుడు ఆ కాగితం మార్జిన్‌లో ఒక్కో వివరానికి ఒక్కో అక్షరం వేయండి. తాను చూసినదానికి, విన్నదానికి, ముట్టుకున్నదానికి ‘చూ’. ఇంట్లో ఎవరో చెప్పగా తెలిసినదానికి ‘వి’. అలా జరిగి ఉంటుందని తానే కూర్చుకున్నదానికి ‘ఊ’. ఏమీ లేనిచోట ‘ఖా’, అంటే ఖాళీ.

ఈ పని తేలిక అనిపిస్తుంది, కాని మనం చూశామనుకునేవాటిలో విన్నవి చాలా ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి ఒక ప్రశ్న ఉపయోగపడుతుంది: ఆ దృశ్యంలో నేను ఎక్కడ నిలబడి చూస్తున్నాను? నాన్న భుజం మీద ఉన్న ఏడేళ్ళ పిల్లకు నాన్న చెవి, తడిసిన చొక్కా కాలరు, లేదా వెనక్కి జరిగిపోతున్న నేల కనిపించాలి. మన రచయిత్రి మనసులో ఉన్న బొమ్మ అది కాదు. ఒక మనిషి ఒక పిల్లను భుజాన వేసుకొని పరుగెత్తడం ఆమెకు దూరం నుంచి కనిపిస్తోంది. అది ఎన్నోసార్లు విన్న కథకు మనసు వేసుకున్న బొమ్మ కావచ్చు. అలాగని బయటినుంచి కనిపించిన ప్రతిదీ అబద్ధమని కొట్టేయకూడదు. నిజమైన జ్ఞాపకాలు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ బయటినుంచి చూస్తున్నట్టు మారుతుంటాయి. కాబట్టి ఇక్కడ ‘వి’ వేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి.

ఆమె కాగితంలో ‘చూ’ పడినవి చివరికి నాలుగే. పెంకులు వరసగా లేచిపోతున్న చప్పుడు, డాబా మెట్ల కింద తడి గోనెసంచుల వాసన, కూలిన కొబ్బరిచెట్ల మీద వెన్నెల, ‘కళ్ళు మూసుకో’ అన్న మాట. ఆ మాటకు ముందున్న ‘ఏమీ కాదు తల్లీ, నేనున్నానుగా’ మాత్రం రాసేటప్పుడు వచ్చి చేరింది.

మూడో మెట్టు: మనుషుల కంటే ముందు పంచాంగాన్ని, దారిని అడగండి

మనుషుల కంటే ముందు మారని సాక్ష్యాలను చూడాలని నేను అంటాను. తిథి, తేదీ, వంతెన, రిజిస్టరు ఎవరి మనసూ నొప్పించవు, ఎవరి మాటకూ లొంగవు.

వెన్నెల సంగతి తీసుకుందాం. 1996లో దీపావళి నవంబరు 10న వచ్చింది. అంటే తుపాను రాత్రి అమావాస్యకు నాలుగైదు రోజుల ముందుది, బహుళపక్షం చివర. ఆ రోజుల్లో చంద్రుడు తెల్లవారుజామున గాని ఉదయించడు, ఉదయించినా సన్నని రేఖే. తుపాను మబ్బు కింద అదీ కనిపించదు. కాబట్టి ఆ రాత్రి వెన్నెల లేదు. ఇందులో సందేహం అక్కర్లేదు, దీనికి ‘బహుశా’ కూడా అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది ఆ జ్ఞాపకాన్ని చెరిపేస్తారు. తొందరపడవద్దు. వెన్నెల జ్ఞాపకం అంత గట్టిగా ఉందంటే అది ఎక్కడిదో వెతకాలి. కార్తిక పౌర్ణమి ఆ ఏడాది నవంబరు 24, 25 తేదీల్లో పడింది. స్తంభాలు కూలి ఊళ్ళకు కరెంటు లేని రోజులవి. తమ ఊరికి నెల దాటాకే కరెంటు వచ్చిందని అమ్మ చెప్పిందనుకుందాం. వీధిదీపం లేని ఊరు, అడ్డంగా పడి ఉన్న తోట, పైన నిండు చంద్రుడు. ఏడేళ్ళ పిల్ల చూసింది నిజమే. తప్పిపోయింది తేదీ మాత్రమే. మనసు వేరువేరు రాత్రులను ఒకే రాత్రిగా కుట్టేయడం జ్ఞాపకంలో తరచుగా జరిగేదే. అందుకే ఏ వివరమైనా పొసగకపోతే ‘ఇది అబద్ధమా?’ అని అడిగే ముందు ‘ఇది ఇంకో రోజుదా?’ అని అడగాలి.

తర్వాత యానాం వంతెన. 1996లో ఎదుర్లంక, యానాం మధ్య గోదావరి మీద వంతెన లేదు, రేవులో పంటు ఎక్కి దాటాలి. వంతెన వచ్చాక ఆమె దాని మీదుగా ఎన్నోసార్లు వెళ్ళి ఉంటుంది, ఆ ప్రయాణాలు ఈ ప్రయాణాన్ని కప్పేశాయి. ‘మరునాడు’ అన్నదీ నిలవదు. దారి పొడవునా చెట్లు, స్తంభాలు అడ్డంగా పడి ఉన్నప్పుడు మరునాడే కాకినాడ నుంచి ముమ్మిడివరం వైపు ఒక మనిషి రాగలిగాడంటే, దానికి వేరే ఆధారం కావాలి. ఆధారం లేకపోతే ఆ పదం తీసేసి ‘దారులు తెరుచుకున్నాక’ అని రాయాలి. అది ఖచ్చితమైన మాటే, సందేహపు మాట కాదు.

డెల్టాలో ఇలాంటి సాక్ష్యాలు ఇంకా ఉన్నాయి. కొత్తగా నాటిన దేశవాళీ కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ‘తుపాను తర్వాత నాటిన చెట్ల కాయలు అక్క పెళ్ళికి దింపాం’ అని గుర్తుంటే, ఆ పెళ్ళి 2002కు ముందు జరిగే అవకాశం తక్కువ. అప్పుడు ‘కోనసీమ జిల్లా’ కూడా లేదు, ఆ జిల్లా 2022లో ఏర్పడింది. అప్పటి సంగతి రాస్తూ తూర్పు గోదావరి జిల్లా అనే రాయాలి. ఊళ్ళో ఎవరి దగ్గరా దొరకని తేదీల కోసం రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి చోట పాత పత్రికల సంపుటాలు అడిగి చూడవచ్చు.

ఒక్క కాగితాన్ని మాత్రం తేలిగ్గా నమ్మవద్దు. అది బడి రికార్డులోని పుట్టినతేదీ. చేర్చుకునే వయసు సరిపోయేలా మాస్టారు వేసిన జూన్ తేదీలు మన బళ్ళలో మామూలే. ‘అప్పుడు నాకు ఏడేళ్ళు’ అనేముందు జాతకంలో తిథి, నక్షత్రం ఉంటే వాటితో సరిచూసుకోండి.

నాలుగో మెట్టు: మనుషులను విడివిడిగా అడగండి

సంక్రాంతికి అందరూ కూడినప్పుడు అరుగు మీద కూర్చుని ‘ఆ రాత్రి ఏం జరిగింది?’ అని అడగాలనిపిస్తుంది. అలా అడిగితే మంచి కథ వస్తుంది, కాని ఒక్క కథే వస్తుంది. గట్టిగా మాట్లాడేవారి మాటే పది నిమిషాల్లో అందరి జ్ఞాపకమవుతుంది. అందుకే అమ్మను వంటింట్లో, అన్నయ్యను ఇంకోరోజు, పక్కింటివారిని వాళ్ళ ఇంట్లో అడగాలి. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదు.

ప్రశ్నలో జవాబు దూర్చవద్దు. ‘నాన్నేగా నన్ను ఎత్తుకెళ్ళింది?’ అని అడిగితే అమ్మ ఔననే అంటుంది. ‘పెంకులు లేచాక మనం ఇంట్లోంచి ఎలా బయటపడ్డాం? నీ చేతుల్లో ఏమున్నాయి?’ అని అడగండి. చేతుల్లో ఏమున్నాయి, కాళ్ళకు చెప్పులున్నాయా, ఎవరు ముందు నడిచారు అన్న ప్రశ్నలకు మనిషి తన చోటు నుంచి జవాబు చెబుతాడు. పైగా ఎవరికి ఏది కనిపించే వీలుందో కూడా తెలుస్తుంది.

గాలి గురించి అడగడం కూడా మంచిదే. నడుమ గాలి ఆగిపోయిందా, తర్వాత ఎదురు దిక్కు నుంచి వచ్చిందా? తుపాను కన్ను మీదుగా వెళ్ళిన ఊళ్ళలోనే ఆ నిశ్శబ్దం ఉంటుంది. పక్క ఊరివాళ్ళ కథలోని నిశ్శబ్దం మీ ఊరి కథలోకి వచ్చి చేరిందేమో దీనితో పట్టుకోవచ్చు.

మన ఉదాహరణలో రెండు జవాబులు వచ్చాయి. నాన్నే భుజాన వేసుకొని పరుగెత్తాడని అమ్మ అంటుంది. నాన్న దూడలను విప్పడానికి దొడ్డిలోకి వెళ్ళాడని, చెల్లిని మోసుకెళ్ళింది పక్కింటి మామయ్య అని అన్నయ్య అంటాడు. ఆ సమయంలో అమ్మ చేతుల్లో చంటిపిల్లాడున్నాడు. అన్నయ్యకు పదకొండేళ్ళు, టార్చిలైటు పట్టుకొని ముందు నడిచాడు. నాన్న ఇప్పుడు లేడు.

ఇలాంటప్పుడు సగం ఇటు, సగం అటు కలిపి మూడో కథ తయారుచేయడం అన్నిటికంటే చెడ్డ పని. ‘నాన్న కొంతదూరం మోశాడు, తర్వాత మామయ్య అందుకున్నాడు’ అని ఎవరూ చెప్పలేదు. రెండు మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాసి, ఎవరు ఎక్కడున్నారో చెప్పి వదిలేయాలి. పాఠకుడు అర్థం చేసుకుంటాడు. పక్కింటి మామయ్య పిల్లలు కూడా ఈ పుస్తకం చదువుతారు. వాళ్ళ తండ్రి చేసిన సాయాన్ని తీరు కుదరలేదని తీసేసే హక్కు రచయిత్రికి లేదు.

ఐదో మెట్టు: అనుమానాన్ని క్రియలో పెట్టండి

తెలుగులో ఈ పనికి చక్కటి సాధనాలు ఉన్నాయి, ‘నాకు గుర్తున్నంతవరకు’ అని ఊరికే అరువు తెచ్చుకోనక్కర్లేదు. ‘పరుగెత్తాడు’ అంటే నేను చూశాను. ‘పరుగెత్తాడట’ అంటే నాకు ఎవరో చెప్పారు. ‘పరుగెత్తి ఉండాలి’ అంటే నేను ఊహించాను. మార్జిన్‌లోని చూ, వి, ఊ అనే మూడు గుర్తులకూ క్రియ చివర మూడు రూపాలు సిద్ధంగా ఉన్నాయి. వాక్యం బరువెక్కదు, చదువరి ఆగడు, నిజం మాత్రం నిలుస్తుంది.

అయితే ‘అట’ వరసగా నాలుగు వాక్యాల్లో వస్తే పురాణకాలక్షేపం లాగా వినిపిస్తుంది. ఒకసారి ‘అమ్మ చెప్పిన ప్రకారం’ అని ఎవరిదో తేల్చేసి, ఆ తర్వాతి వాక్యాలు మామూలు భూతకాలంలో నడిపించవచ్చు. మళ్ళీ సొంత జ్ఞాపకంలోకి వచ్చేచోట మాత్రం ‘నాకు గుర్తున్నది’ అని మలుపు చూపించాలి. అంటే గుర్తు పెట్టాల్సింది ప్రతి వాక్యానికీ కాదు, మూలం మారే చోట.

ఇంకో మంచి రూపం అలవాటును చెప్పేది. తుపాను తర్వాతి రోజుల్లో మట్టలు ఏరడం గుర్తుంది, కాని ఏ ఒక్క రోజో గుర్తు లేదు. అప్పుడు ‘ఒకరోజు నేను, అన్నయ్య మట్టలు ఏరుతుండగా’ అని దృశ్యం కల్పించవద్దు. ‘పొద్దున్నే మట్టలు ఏరేవాళ్ళం’ అంటే చాలు. అది పూర్తి నిజం, అందులో తడబాటు కూడా లేదు.

మాటల విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. గుర్తున్న మాటకే కొటేషన్ గుర్తులు. మిగతావి ‘ధైర్యం చెప్పాడు’, ‘వద్దన్నాడు’ అని పరోక్షంగా రాయాలి. కొటేషన్ గుర్తులు పెట్టామంటే ఆ మాటలే, ఆ వరసలోనే పలికారని ఒప్పుకొన్నట్టే.

ఆరో మెట్టు: ఖాళీని ఖాళీగా ఉంచండి

పెంకుల చప్పుడుకూ గోనెసంచుల వాసనకూ నడుమ మన రచయిత్రికి ఏమీ లేదు. ఆ ఖాళీ ఉందని ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగాలి. క్షమాపణ అక్కర్లేదు, జ్ఞాపకం ఎంత చంచలమో అని ఒక పేరా వ్యాఖ్యానమూ అక్కర్లేదు. ఖాళీకి అటూ ఇటూ ఉన్న రెండు వివరాలు ఎంత స్ఫుటంగా ఉంటే, నడుమ ఖాళీ అంత నమ్మకంగా ఉంటుంది. అందుకే ఆ చప్పుడు మీద, ఆ వాసన మీద సమయం పెట్టండి.

ఇంత పని అయ్యాక ఆ పేరా ఇలా మారింది:

“దీపావళికి నాలుగు రోజుల ముందు రాత్రి. పెంకులు ఒకదాని వెనక ఒకటి లేచిపోతున్న చప్పుడు, ఎవరో గబగబా పళ్ళేలు పేర్చుతున్నట్టు. ఆ తర్వాత నాకు గుర్తున్నది పక్కవాళ్ళ డాబా మెట్ల కింద తడి గోనెసంచుల వాసన. ఈ రెంటి నడుమ జరిగింది నాకు గుర్తు లేదు. నాన్న నన్ను భుజాన వేసుకొని పరుగెత్తాడట, అమ్మ మాట అది. నాన్న దూడలను విప్పడానికి దొడ్డిలోకి వెళ్ళాడని, నన్ను మోసింది పక్కింటి మామయ్య అని అన్నయ్య అంటాడు. అమ్మ చేతుల్లో తమ్ముడున్నాడు. అన్నయ్య టార్చిలైటు పట్టుకొని ముందు నడుస్తున్నాడు. ‘కళ్ళు మూసుకో’ అన్న గొంతు ఒకటి నాతో ఉండిపోయింది. అది ఎవరిదో తెలియదు. కూలిన తోట మీద వెన్నెల కూడా ఉంది నా దగ్గర, కాని ఆ రాత్రి చంద్రుడు లేడు. అది కరెంటు రాని కార్తిక పౌర్ణమి నాటిది అయి ఉండాలి. దారులు తెరుచుకున్నాక కాకినాడ నుంచి మామయ్య వచ్చాడు. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి కాకినాడ వెళ్ళాం.”

సందేహాలను లెక్కపెట్టి చూడండి. ‘గుర్తు లేదు’ ఒకటి, ‘తెలియదు’ ఒకటి, ‘అయి ఉండాలి’ ఒకటి, ‘అట’ ఒకటి. నాలుగూ నాలుగు వేరువేరు పనులు చేస్తున్నాయి. ఒక్క ‘బహుశా’ కూడా లేదు. ఎవరు మోశారన్నది తేలకపోవడం వల్ల ఆ గొంతుకు మొదటి చిత్తుప్రతిలో లేని బరువు వచ్చింది.

చివరి మెట్టు: ఇంట్లో వాళ్ళకు చదివి వినిపించండి

ముందు మీరే ఒక ఎర్ర పెన్నుతో ‘బహుశా’, ‘అనుకుంటాను’, ‘కావచ్చు’, ‘ఎందుకో’, ‘ఏదో’ అన్న మాటల కింద గీతలు గీయండి. ప్రతి గీత దగ్గరా అడగండి: ఇది తీసేస్తే వాక్యం అబద్ధమవుతుందా? కాకపోతే తీసేయండి. అబద్ధమయ్యేట్టయితే, పంచాంగంతోనో ఫోనుతోనో అది తేలుతుందేమో చూడండి. తేలనప్పుడే ఉంచండి. ఒక పేజీలో ఇలాంటివి మూడు నాలుగు దాటితే, మూడో మెట్టు పని సగంలో వదిలేశారన్నమాట.

తర్వాత అమ్మకూ, అన్నయ్యకూ వినిపించండి. వాళ్ళు రెండు రకాల అభ్యంతరాలు చెబుతారు. ‘ఆ డాబా వాళ్ళది కాదు, మునసబుగారిది’ అన్నది బయటి సంగతి, సరిచూసి దిద్దాలి. ‘నాన్న నిన్ను వదిలి దూడల కోసం వెళ్ళాడని రాస్తావా?’ అన్నది బాధ. దాన్ని ఓపిగ్గా వినాలి, కాని అన్నయ్య మాట తీసేయకూడదు. అమ్మ మాటకు మరో వాక్యం చోటు ఇవ్వవచ్చు. ‘నాన్న అలాంటి మనిషి కాదని అమ్మ గట్టిగా అంటుంది’ అని చేరిస్తే అదీ నిజమే, అమ్మ నోటి నుంచి వచ్చిందే. చదివి వినిపించిన తేదీ, ఎవరు ఏం దిద్దమన్నారో మొదటి కాగితంతోపాటు అదే ఫైలులో దాచండి. పుస్తకం అచ్చయ్యాక పక్కింటి మామయ్య కుటుంబం నుంచి ఎవరైనా వచ్చి మరో సంగతి చెబితే, రెండో ముద్రణలో ఏది మార్చాలో ఆ ఫైలు చూస్తే తెలుస్తుంది.